మేట్ కాని మేట్

చెస్ నేర్పేవాళ్లకు తల్లిదండ్రుల నుంచి వచ్చే ప్రశ్నలు చాలావరకు రేటింగ్ గురించో, ఏ టోర్నమెంటుకు పంపాలన్న దాని గురించో ఉంటాయి. ఈసారి వచ్చిన ఉత్తరం వేరు. రాసిన తల్లి సరేనన్నారు కాబట్టి పేరూ ఊరూ తీసేసి ఇక్కడ ఇస్తున్నాను. దాని కిందే నా జవాబు.

"సార్, నమస్తే. మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఇంట్లో ఉంటే వసపిట్టే. గడప దాటితే నోరు పెగలదు. ఏడాదిగా చెస్ నేర్చుకుంటున్నాడు. మొన్న జిల్లా స్థాయి అండర్-9 ర్యాపిడ్‌కి తీసుకెళ్లాం. ఆరు రౌండ్లలో రెండు గెలిచాడు, నాలుగు ఓడాడు. ప్రతి రౌండ్‌లో హాల్లోంచి అందరికంటే ముందు బయటికొచ్చేది మావాడే. ఓడినప్పుడల్లా నా కొంగులో మొహం దాచుకుని ఏడ్చాడు. నాలుగో రౌండ్‌కి ముందు కడుపునొప్పి అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో బోర్డు ముందేసుకుని ఒక గేమ్ పెట్టి చూపించాడు. 'అమ్మా, ఇది మేట్ కాదు, నా బిషప్ అడ్డం పెట్టొచ్చు' అన్నాడు. మరి అక్కడే ఎందుకు పెట్టలేదురా అంటే, 'ఆ అన్న చెక్‌మేట్ అన్నాడు కదా' అన్నాడు.

వాళ్ల నాన్న, ఓడితేనే రాటుదేలతాడు, వచ్చే నెల రేటింగ్ టోర్నమెంటుకు వేద్దాం అంటున్నారు. అత్తయ్యగారేమో పసివాణ్ని ఏడిపించడం ఎందుకు, మాన్పించండి అంటున్నారు. మామయ్యగారు ఇంట్లో వాడి చేతిలో కావాలనే ఓడిపోతున్నారని నాకు అనుమానం. ఓటమిని తట్టుకోవడం వీడికి ఎలా నేర్పాలో చెప్పండి. వాడు రాసుకున్న స్కోర్‌షీట్లు జతచేస్తున్నాను."

అమ్మా,

ముందుగా స్కోర్‌షీట్లు పంపినందుకు సంతోషం. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు. ఆ వయసు పిల్లల్లో చాలామంది రాయరు కూడా. మీవాడు రాశాడు, అదీ సరిగ్గా రాశాడు. అందువల్లే నేను ఊహల మీద కాకుండా జరిగినదాని మీద మాట్లాడగలుగుతున్నాను.

ఓడిన నాలుగు గేమ్‌లూ బోర్డు మీద ఆడి చూశాను. రెండింటిలో మీవాడు చెస్‌లో ఓడాడు. మిగతా రెండింటిలో బిడియం వల్ల ఓడాడు. ఈ రెంటికీ మందు వేరు. ఓటమిని తట్టుకోవడం నేర్పమని మీరు అడిగారు. కానీ ఓడిపోని ఆటను ఓడినట్టు ఒప్పుకుని వచ్చిన పిల్లవాడికి ముందు నేర్పాల్సింది తట్టుకోవడం కాదు. వాడి ఏడుపులో సగం అక్కడిదేనని నా అభిప్రాయం. తనది తప్పు కాదని వాడికి తెలుసు. ఆ మాట బయటికి చెప్పలేకపోయాననీ తెలుసు.

మొదటి రౌండ్ చూడండి. మీవాడివి నల్లపావులు. రాజు g8లో ఉన్నాడు. ముందు మూడు బంట్లు కదలకుండా కాపలా ఉన్నాయి. ఇద్దరికీ చెరొక రూక్ ఉంది. మీవాడికి c5లో ఒక బిషప్ అదనం. అంటే ఆట మీవాడి వైపే ఉంది. అవతలి అబ్బాయి రూక్‌ని d8కి దించి చెక్ చెప్పాడు. రాజుకు పక్కకి దారి లేదు, ముందు తన బంట్లే అడ్డం. చూడగానే మేట్ అనే అనిపిస్తుంది. ఆ అబ్బాయి కూడా నిజంగానే మేట్ అనుకుని ఉంటాడు, మోసం చేశాడని నేననను. కానీ c5లోని బిషప్ ఐమూలగా జారి f8లో కూర్చుంటే చెక్ ఆగిపోతుంది. ఆ తర్వాత g6 ఆడి రాజును g7కి తెచ్చుకుంటే ఆ బిషప్‌కి ఇబ్బందీ ఉండదు. మీవాడు రాత్రి ఇంట్లో చూపించింది ఇదే. హాల్లో మాత్రం తనకంటే పెద్దవాడు గట్టిగా 'చెక్‌మేట్' అని చేయి చాపాడు. వీడు ఆ చేయి పట్టుకున్నాడు. ఇద్దరూ చేతులు కలిపి, ఫలితం చీటీ మీద సంతకాలు పెట్టి లేచిపోయాక ఆర్బిటర్ దాన్ని తిరగతోడడం దాదాపు ఉండదు.

మూడో రౌండ్ స్కోర్‌షీట్‌లో పంతొమ్మిదో ఎత్తు పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో 'రూక్ ముట్టుకున్నాడు' అని మీవాడు రాసుకున్నాడు. మీరు గమనించారో లేదో. ఎదుటి పిల్లవాడు రూక్ పట్టుకుని, అది కదిపితే క్వీన్ పోతుందని చూసుకుని, వదిలేసి వేరే పావు ఆడాడన్నమాట. ముట్టుకున్న పావునే ఆడాలన్నది చెస్ నియమం. మీవాడికి అదీ తెలుసు. కాగితానికి చెప్పాడు, మనిషికి చెప్పలేదు.

ఇలాంటి పిల్లవాడికి 'ధైర్యంగా మాట్లాడు, భయపడకు' అని చెప్పి ప్రయోజనం లేదు. అది వాడి చేతిలో ఉంటే ఈపాటికే మాట్లాడేవాడు. అదృష్టవశాత్తూ చెస్‌లో మాట్లాడాల్సిన అవసరం చాలా తక్కువ. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

ఎదుటివాడు మేట్ అంటే మేట్ అయిపోదు, బోర్డు మీద అయితేనే అయినట్టు. వాడితో వాదించక్కర్లేదు, 'కాదు' అనైనా అనక్కర్లేదు. బిషప్‌ని f8లో పెట్టి క్లాక్ నొక్కితే చాలు. అంతకంటే గట్టి జవాబు లేదు. డ్రా అడిగినప్పుడూ అంతే. ఇష్టం లేకపోతే నోరు తెరవకుండా తన ఎత్తు తాను ఆడితే దాన్ని కాదన్నట్టే లెక్క. అందుకని ఇంట్లో మీవాడికి ఒక అలవాటు చేయండి. చెక్‌మేట్ అన్న మాట వినబడగానే రెండు చేతులూ తొడల కిందికి పోవాలి. చేతులు అక్కడుంటే తొందరపడి కరచాలనం చేయడు. అలా కూర్చుని మూడు చూసుకోవాలి: రాజు కదలగలడా, చెక్ ఇస్తున్న పావును చంపగలనా, మధ్యలో ఏదైనా అడ్డం పెట్టగలనా. మూడింటికీ లేదని వస్తేనే చేయి బయటికి తీయాలి.

దీన్ని నోటితో చెబితే సరిపోదు, ఆడించాలి. మామయ్యగారిని రోజూ పది నిమిషాలు 'అబద్ధం మేట్' ఆట ఆడమనండి. నాలుగైదు పావులతో ఏదో ఒక చెక్ పెట్టి, గట్టిగా 'చెక్‌మేట్' అని అరిచి చేయి చాపాలి. కొన్నిసార్లు అది నిజం కావాలి, కొన్నిసార్లు కాకూడదు. చేయి చాపడం మాత్రం తప్పకుండా ఉండాలి. మీవాడు తడబడుతున్నది చూపు దగ్గర కాదు, ఆ చాపిన చేతి దగ్గర. తాత చేతిని ఆపగలిగినవాడు పదిరోజులకి పరాయివాడి చేతినీ ఆపగలుగుతాడు.

ముట్టుకున్న పావు సంగతి మాత్రం కొంచెం కష్టం. అక్కడ చేయెత్తి ఆర్బిటర్‌ని పిలవాల్సిందే. ఇక్కడొక మెలిక ఉంది, పెద్దవాళ్లకే చాలామందికి తెలియదు: మనం ఎత్తు ఆడదామని మన పావును తాకామో, ఫిర్యాదు చేసే హక్కు పోతుంది. కాబట్టి వరుస ఇలా నేర్పండి. ముందు చేతులు తొడల కిందికి, తర్వాత క్లాక్ ఆపడం (చాలా డిజిటల్ క్లాకుల్లో దీనికి మధ్యలో బటన్ ఉంటుంది), తర్వాత చేయి పైకి. ఆర్బిటర్ వచ్చాక చెప్పాల్సింది రెండే మాటలు: 'సార్, టచ్ మూవ్.' ఈ రెండు మాటలూ ఇంట్లో మీరే ఆర్బిటర్ అయి వాడిచేత చెప్పించండి. ఎదుటివాడు ముట్టుకోలేదని బొంకితే, చూసినవాళ్లు లేకపోతే, ఆర్బిటర్ ఆట కొనసాగించమనే అనొచ్చు. అదీ ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ధైర్యం చేసి ఒక్కసారి చేయెత్తినవాడు, పని జరగలేదని ఇంకెప్పుడూ ఎత్తడు.

టోర్నమెంటు రోజు ఉదయం పావుగంట ముందు వెళ్లి ఆర్బిటర్‌ని పరిచయం చేయండి. 'బాబు కాస్త మాట్లాడడు సార్, చేయెత్తితే చూడండి' అంటే సరిపోతుంది. పిల్లల టోర్నమెంట్లు నడిపేవాళ్లకు ఇది కొత్త కాదు. ఆట మొదలయ్యాక మాత్రం మీరు కిటికీలోంచి సైగలు చేయకూడదు. పక్కవాళ్లు ఆటలో జోక్యం చేసుకోవడం నియమాలకు విరుద్ధం, దాని ఫలితం పిల్లవాడి మీదే పడుతుంది.

ఇక నిజంగా ఓడిన రెండు గేమ్‌లు. రెండూ ఒకే రకం. పదో ఎత్తు దాటకుండానే గుర్రం ఊరికే పోయింది, ఆ తర్వాత ఆట చకచకా అయిపోయింది. అందరికంటే ముందు బయటికొస్తాడని రాశారు కదా, కారణం అక్కడే ఉంది. ఓ పావు పోగానే వాడికి అక్కడ కూర్చోవడం భారమై, ఎలాగోలా ముగించి అమ్మ దగ్గరికి రావాలనిపిస్తుంది. సిగ్గరి పిల్లల్లో ఇది తరచూ చూస్తాను. వాళ్లు నెమ్మదస్తులని మనం అనుకుంటాం. హాల్లో అందరికంటే వేగంగా ఆడేది వాళ్లే. ఎదుటివాడి చూపు మీద పడుతుంటే ఎంత త్వరగా లేద్దామా అని ఉంటుంది.

దీనికి నేను మా క్లాసులో చేసేది బోర్డు తిప్పడం. పిల్లవాడు 'అయిపోయింది, ఓడిపోయాను' అనగానే బోర్డును అటుదిటు తిప్పేస్తాం. ఇప్పుడు గెలిచే వైపు వాడిది, ఓడే వైపు నాది. ఒక గుర్రం ఎక్కువున్నా గెలవడం అంత తేలిక కాదని వాడికే తెలిసొస్తుంది. ఎదుటి పిల్లవాడికీ పొరపాట్లు వస్తాయనీ, అందాకా కూర్చుంటే ఏదైనా జరగొచ్చనీ వాడంతట వాడే చూస్తాడు. నేను వంద మాటలు చెప్పినా అంత నాటదు.

మామయ్యగారు కావాలని ఓడిపోవడం మాత్రం మానేయాలి. ఎనిమిదేళ్ల పిల్లలు దాన్ని కనిపెడతారు. కనిపెట్టకపోతే ఇంకా నష్టం, ఎందుకంటే రోజూ గెలిచేవాడికి హాల్లో మొదటి ఓటమి పిడుగులా పడుతుంది. దాని బదులు తాతయ్య క్వీన్ తీసేసి ఆడొచ్చు. వాడు గెలవడం మొదలుపెడితే క్వీన్ పెట్టుకుని రూక్ తీయాలి, తర్వాత గుర్రం. నియమం అందరికీ తెలిసే ఉంటుంది, ఎవరూ నటించరు, గెలుపు నిజమైన గెలుపే అవుతుంది. ఇంకోటి, రాజులూ బంట్లూ మాత్రమే పెట్టి, ఎవరి బంటు ముందు అవతలి గట్టుకి చేరితే వాళ్లు గెలిచినట్టు ఆడండి. ఒక్కో ఆట ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒక సాయంత్రం ఐదారు ఓటములు, ఐదారు గెలుపులు వచ్చిపోతుంటే ఒక్కొక్కదాని బరువు తగ్గుతుంది. మీవాడికి ఇప్పటిదాకా ఓటమి అంటే టోర్నమెంటు రోజున, పరాయి ఊళ్లో, అందరి ముందు జరిగేది. అది ఇంట్లో చాప మీద కూడా జరగాలి.

రెండు పాయింట్లు తక్కువని మీకు బాధగా ఉన్నట్టు ఉత్తరంలో తెలుస్తోంది. ఈ టోర్నమెంట్లు స్విస్ పద్ధతిలో జరుగుతాయి. ఎవరినీ ఇంటికి పంపరు. ప్రతి రౌండ్‌లో సమానమైన పాయింట్లున్నవాళ్లను వీలైనంతవరకు జతకలుపుతారు. అరవై నాలుగు మంది పిల్లలు ఆరు రౌండ్లు ఆడారనుకోండి. డ్రాలు లేకుండా, ప్రతిసారీ సమానులే తలపడితే చివరికి లెక్క ఇలా వస్తుంది: ఆరు పాయింట్లతో ఒక్కరు, ఐదుతో ఆరుగురు, నాలుగుతో పదిహేను మంది, మూడుతో ఇరవై మంది, రెండుతో పదిహేను మంది, ఒకటితో ఆరుగురు, సున్నాతో ఒక్కరు. అంటే ఒక్క పిల్లవాడు తప్ప మిగతా అరవై ముగ్గురూ ఆ రోజు ఎక్కడో ఒకచోట ఓడి తీరాల్సిందే. పిల్లలు బాగా ఆడినా ఆడకపోయినా ఈ లెక్క మారదు. నేను తల్లిదండ్రుల సమావేశంలో ఇది బోర్డు మీద రాస్తే చాలామంది నాన్నలు మౌనంగా ఫోటో తీసుకుంటారు.

స్విస్‌లో ఇంకో మంచి ఉంది. ఓడితే తర్వాతి రౌండ్‌లో ఓడినవాడే ఎదురవుతాడు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ చాంపియన్‌షిప్‌లో కోనేరు హంపి మొదటి రౌండ్ ఓడిపోయింది. గుడివాడలో పుట్టి, 2019లోనే ఒకసారి ఈ టైటిల్ గెలిచిన ఆమె అప్పుడు ముప్పై ఏడేళ్ల మనిషి. మిగిలిన పది గేమ్‌లలో ఎనిమిదిన్నర పాయింట్లు సంపాదించి మళ్లీ చాంపియన్ అయింది. ఈ కథ మీవాడికి చెప్పండి, కానీ ఓడిన రోజున చెప్పకండి. ఏడుస్తున్నప్పుడు చాంపియన్ల పేర్లెత్తితే, నువ్వు వాళ్లలా లేవన్నట్టే వినబడుతుంది. ఓ ఆదివారం పూట, వాడు గెలిచిన మర్నాడు చెప్తే చెవికెక్కుతుంది.

ఓడి బయటికొచ్చినప్పుడు ఏం చేయాలి? ముందు 'గెలిచావా?' అని అడగడం మానేయండి. ఆ ప్రశ్న వాడికి దూరం నుంచే మీ మొహంలో కనిపిస్తుంది. మంచినీళ్ల సీసా ఇచ్చి, బాత్రూమ్‌కి తీసుకెళ్లి, ఏమైనా తినిపించండి. ఏడిస్తే ఏడవనివ్వండి, కాకపోతే జనం మధ్య కాకుండా కాస్త పక్కకి తీసుకెళ్లి. మొహం కడిగిస్తే ఐదు పది నిమిషాల్లో సర్దుకుంటాడు. రౌండ్ల మధ్య స్కోర్‌షీట్ తెరవొద్దు. వాళ్ల నాన్న ఫోన్‌లో ఇంజిన్ పెట్టి 'ఇక్కడ గుర్రం వదిలేశావు చూడు' అని చూపించడం అసలే వద్దు. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి తప్పుకీ ఎర్రగుర్తు వేస్తుంది. గ్రాండ్‌మాస్టర్ల ఆటలకే వేస్తుంది. మూడో తరగతి పిల్లవాడి గేమ్ అందులో పడితే కాగితమంతా ఎర్రనే.

మర్నాడు, ఇంట్లో, ఒకే గేమ్ తీయండి. అందులో ముందు వాడికి నచ్చిన తన ఎత్తు ఒకటి వాడినే చూపించమనండి. తర్వాత గుర్రం పోయిన చోటికి వెళ్లి, తప్పేంటో మీరు చెప్పకుండా, 'ఇక్కడ ఎదుటివాడు ఏం చంపగలడు?' అని మాత్రం అడగండి. ఆ ప్రశ్నే వాడికి రావాల్సిన అలవాటు: ప్రతి ఎత్తుకి ముందు ఎదుటివాడి చెక్‌లూ, చంపుడులూ చూసుకోవడం. అక్కడితో ఆపి పావులు సర్దేయండి. పావుగంట దాటితే అది పాఠం కాదు, శిక్ష.

కడుపునొప్పి గురించి కూడా రాశారు. టోర్నమెంటు రోజున వచ్చి సాయంత్రానికి పోతే అది బెరుకే. రెండో రోజూ ఉంటే, నిద్ర పట్టకపోతే, ఇంట్లో కూడా బోర్డు ముట్టనంటే టోర్నమెంట్లు కొన్ని నెలలు ఆపండి. చెస్ ఆపక్కర్లేదు, అత్తయ్యగారికి ఈ తేడా చెప్పండి. ఇంకొక సంగతి. బిడియస్తుడు కొత్తచోట మెల్లగానైనా అలవాటు పడతాడు. ఇంట్లో అంత మాట్లాడే పిల్లవాడు నెలల తరబడి స్కూల్లో టీచరుతో ఒక్క మాట కూడా మాట్లాడకపోతే అది బిడియం కాదు. క్లాస్ టీచర్‌ని కనుక్కోండి. అవునంటే పిల్లల డాక్టర్‌ని కలవండి, అది నా చేతిలోది కాదు.

ఇక వాళ్ల నాన్నగారి రేటింగ్ టోర్నమెంటు. వచ్చే నెల వద్దు. ఓపెన్ రేటింగ్ టోర్నమెంటులో వయసు విభాగం ఉండదు. మీవాడికి ఎదురుగా కాలేజీ కుర్రాడో, బ్యాంకులో పనిచేసే పెద్దాయనో కూర్చుంటాడు. 2024 మార్చి నుంచి ఫిడే రేటింగ్ 1400 దగ్గర మొదలవుతోంది, అంతకంటే తక్కువ ఇవ్వడం లేదు. అక్కడికి చేరే బలం ఇప్పుడు వాడికి లేదు. మొదటిసారి ఆడి సున్నా వస్తే ఆ ఫలితాన్ని రేటింగ్‌కి లెక్కలోకే తీసుకోరు. అంటే వాళ్ల నాన్న ఫీజు కట్టి, రెండు మూడు రోజులు లాడ్జీలో ఉండి, కొన్నది ఏడుపు మాత్రమే అవుతుంది. రేటింగ్ లేని అండర్-9 టోర్నమెంట్లలో సగం పాయింట్లు, అంటే ఆరుకి మూడు, రెండు మూడుసార్లు వరసగా తెచ్చుకోనివ్వండి. రేటింగ్ మాట అప్పుడు ఎత్తుదాం.

ఈలోగా మీ ఊళ్లోనే ఐదు రౌండ్ల చిన్న టోర్నమెంటు ఏదైనా ఉంటే వేయండి. ఈసారి పాయింట్లు లెక్కపెట్టొద్దు. ఎన్నిసార్లు చేతులు తొడల కిందికి పెట్టాడో, ఒక్కసారైనా చేయెత్తాడో వాడినే రాసుకోమనండి. స్కోర్‌షీట్ మార్జిన్‌లో రాసే అలవాటు వాడికి ఎలాగూ ఉంది. ఆ కాగితాలు నాకు పంపండి, చూసి చెప్తాను.